రెండు రెసిస్టర్ల మధ్య 6 వోల్టులు ఎందుకు నిలబడవు

చేతిలో 12 వోల్టుల అడాప్టరు ఉంది. కావలసింది 6 వోల్టులు. ఎలక్ట్రానిక్స్ కొత్తగా మొదలుపెట్టిన వాళ్లకు వెంటనే తట్టే ఉపాయం ఒకటుంది. 10 కిలో ఓముల రెసిస్టర్లు రెండు తీసుకుని, ఒకదాని కింద ఒకటి శ్రేణిలో కలిపి, పై కొసను 12 వోల్టులకూ కింది కొసను గ్రౌండుకూ తగిలిస్తారు. రెండూ సమానం కాబట్టి వోల్టేజి సగం సగం పంచుకుంటాయి. రెండూ కలిసే చోట డిజిటల్ మీటరు పెడితే 6 వోల్టులకు దగ్గరగా చూపిస్తుంది. దీన్నే వోల్టేజి డివైడరు అంటారు. ఖర్చు రూపాయో రెండు రూపాయలో.

ఇక ఆ 6 వోల్టులను నాలుగు సెల్లులతో నడిచే చిన్న రేడియోకు ఇస్తారు. రేడియో కిక్కురుమనదు. మీటరు అక్కడే ఉంచి చూస్తే 6 వోల్టుల జాడ ఉండదు, ముల్లో అంకెలో ఎక్కడో అడుగున పడి ఉంటుంది. రేడియో తీగ తీసేయగానే మళ్లీ 6 వోల్టులు ప్రత్యక్షం. రెసిస్టరు పాడైందేమోనని మార్చి చూస్తారు, అడాప్టరు బలహీనంగా ఉందేమోనని ఇంకొకటి తెస్తారు. ఫలితం మారదు. ఎందుకంటే ఏదీ పాడవలేదు. పుస్తకంలోని సూత్రం ఒక షరతు మీద ఆధారపడింది, రేడియో తగిలించగానే ఆ షరతు చెదిరిపోయింది.

సూత్రం ఇది:

Vout = Vin × R2 / (R1 + R2)

ఇందులో R1 పైన ఉన్న రెసిస్టరు, R2 కింద ఉన్నది. ఈ సూత్రం ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుంటే షరతు దానంతట అదే కనిపిస్తుంది. రెండు రెసిస్టర్లూ శ్రేణిలో ఉన్నాయి, కాబట్టి రెండింటిలోనూ ఒకే కరెంటు ప్రవహిస్తుంది అనుకున్నాం. మొత్తం నిరోధం 20 కిలో ఓములు, దాని మీద 12 వోల్టులు, కరెంటు 0.6 మిల్లీ ఆంపియరు. ఆ 0.6 మిల్లీ ఆంపియరు కింది 10 కిలో ఓముల్లోంచి పోతే 6 వోల్టులు ఏర్పడతాయి. లెక్కంతా ‘రెండింటిలోనూ ఒకే కరెంటు’ అనే మాట మీద నిలబడింది. మధ్య బిందువు నుంచి కరెంటు ఇంకో దారిలో పోనంతవరకే అది నిజం. అక్కడ ఏది తగిలించినా, ఆ తగిలించినది ఎంతో కొంత కరెంటు తీసుకుంటే, పై రెసిస్టరులోని కరెంటూ కింది రెసిస్టరులోని కరెంటూ ఇక ఒకటి కావు.

రేడియోను కాసేపు పక్కన పెట్టి, లెక్కకు లొంగే లోడు ఒకటి తీసుకుందాం: ఇంకో 10 కిలో ఓముల రెసిస్టరు. దీన్ని మధ్య బిందువుకూ గ్రౌండుకూ మధ్య పెట్టాం. ఇప్పుడు కింద రెండు 10 కిలో ఓములు సమాంతరంగా ఉన్నాయి, అంటే ఆ రెండూ కలిసి 5 కిలో ఓములు. పైన 10, కింద 5, మొత్తం 15 కిలో ఓములు. అడాప్టరు నుంచి వచ్చే కరెంటు 12 భాగించు 15, అంటే 0.8 మిల్లీ ఆంపియరు. ఇంతకుముందు 0.6 ఉండేది, ఇప్పుడు పెరిగింది. ఆ 0.8 మిల్లీ ఆంపియరు మొత్తం పై రెసిస్టరు గుండానే రావాలి, వేరే దారి లేదు. పై రెసిస్టరు మీద 8 వోల్టులు పడిపోతాయి. మధ్య బిందువు దగ్గర మిగిలేది 4 వోల్టులు.

చాలామంది ఇక్కడ ‘లోడు వోల్టేజిని తినేసింది’ అంటారు. ఆ మాట దారి తప్పిస్తుంది. లోడు తీసుకున్నది కరెంటును. ఆ కరెంటును మోసుకొచ్చే భారం పై రెసిస్టరు మీద పడింది, మోసినందుకు అది ఎక్కువ వోల్టేజిని తన దగ్గర ఉంచేసుకుంది. వోల్టేజి ఎక్కడికి పోయిందని వెతకాలంటే చూడాల్సింది లోడు వైపు కాదు, పై రెసిస్టరు వైపు. మీటరు తీగలను పై రెసిస్టరు రెండు కొసలకు పెట్టి చూడండి. లోడు లేనప్పుడు 6, ఉన్నప్పుడు 8. పోయిన 2 వోల్టులూ అక్కడే ఉన్నాయి.

ఇంకొంచెం లోపలికి వెళ్తే ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం కనిపిస్తుంది. లోడులో ఇప్పుడు 4 వోల్టుల మీద 10 కిలో ఓములు ఉన్నాయి కాబట్టి దాని కరెంటు 0.4 మిల్లీ ఆంపియరు. ఈ 0.4 ఎక్కడి నుంచి వచ్చింది? పై రెసిస్టరులో కరెంటు 0.6 నుంచి 0.8కి పెరిగింది, అంటే 0.2 కొత్తగా వచ్చింది. కింది రెసిస్టరులో ఇంతకుముందు 0.6 ఉండేది, ఇప్పుడు దాని మీద 4 వోల్టులే కాబట్టి 0.4కి తగ్గింది. అంటే అది 0.2 వదులుకుంది. పైది ఇచ్చిన 0.2, కిందిది వదిలిన 0.2, కలిస్తే లోడుకు కావలసిన 0.4 సరిగ్గా సరిపోయింది.

అవుట్‌పుట్ వోల్టేజి ఎందుకు పడిపోవలసి వచ్చిందో ఇక్కడ తేటతెల్లమవుతుంది. లోడు కరెంటు అడిగింది. మధ్య బిందువు 6 వోల్టుల దగ్గరే నిలిచి ఉంటే పై రెసిస్టరు 0.6 కంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ ఇవ్వలేదు, కింది రెసిస్టరు 0.6 కంటే తక్కువ తీసుకోలేదు. ఓమ్ నియమం ఒప్పుకోదు. లోడుకు ఇవ్వడానికి ఏమీ మిగలదు. మధ్య బిందువు కిందికి దిగితేనే పైది ఎక్కువ ఇవ్వగలదు, కిందిది తక్కువ తీసుకోగలదు. లోడు అడిగినంత కరెంటు సమకూరే దాకా అది దిగుతుంది, సమకూరిన చోట ఆగుతుంది. మన ఉదాహరణలో అది ఆగిన చోటు 4 వోల్టులు.

2 వోల్టులు దిగితే 0.4 మిల్లీ ఆంపియరు సమకూరింది. అంటే లోడు వైపు నుంచి చూస్తే ఈ డివైడరు, 5 కిలో ఓముల నిరోధం అడ్డుగా పెట్టుకున్న 6 వోల్టుల బ్యాటరీలా ప్రవర్తిస్తోంది. 5 కిలో ఓములు ఎక్కడివి? పైన 10, కింద 10, ఆ రెండూ సమాంతరంగా ఉన్నట్టు లెక్కిస్తే వచ్చేది 5. చూడటానికి అవి శ్రేణిలో ఉన్నాయి, మరి సమాంతరం ఎలా అయ్యాయని తరగతిలో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. పైన చూసిన రెండు 0.2లే దానికి జవాబు. మధ్య బిందువు దిగినప్పుడు రెండు రెసిస్టర్లూ విడివిడిగా, ఒకేసారి సాయం చేశాయి. ఒకే వోల్టేజి మార్పుకు రెండు దారుల్లో కరెంటు మారితే అవి సమాంతరంగా పనిచేస్తున్నట్టే. అడాప్టరు తన 12 వోల్టులను కదలకుండా పట్టుకుని ఉంది కాబట్టి, మార్పుల లెక్కలో దాని కొస కూడా గ్రౌండులాగే స్థిరమైన చోటు.

ఎన్ని రెసిస్టర్లూ బ్యాటరీలూ ఉన్న సర్క్యూటునైనా, బయటి నుంచి చూసేవాడికి ఒక వోల్టేజి, దానికి శ్రేణిలో ఒక నిరోధం అన్నట్టు కుదించవచ్చని లియోన్ చార్లెస్ థెవెనిన్ 1883లో ప్రచురించాడు. ఆయన ఫ్రాన్సు తంతి తపాలా శాఖలో ఇంజినీరు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ అదే విషయాన్ని 1853లోనే చెప్పాడు గానీ పేరు మాత్రం థెవెనిన్‌కే నిలిచింది. పాలిటెక్నిక్‌లో, ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ఇది మార్కుల కోసం చేసే సిద్ధాంతంగా మిగిలిపోతుంది. నిజానికి డివైడరు మీద దీన్ని వాడటం ఒక్కసారి అలవాటైతే, లోడు మారినప్పుడల్లా సమాంతర నిరోధాలు కొత్తగా కట్టే పని ఉండదు. 6 వోల్టులు, 5 కిలో ఓములు అని గుర్తుంటే చాలు. 100 కిలో ఓముల లోడు పెడితే 6ను 100తో గుణించి 105తో భాగించాలి, 5.71 వోల్టులు వస్తుంది. 1 కిలో ఓము పెడితే 6లో ఆరో వంతు, అంటే ఒక్క వోల్టు.

లోడు నిరోధం ఈ లోపలి నిరోధానికి సమానమైతే వోల్టేజి సరిగ్గా సగమవుతుంది. పది రెట్లుంటే సుమారు 9 శాతం పడిపోతుంది. నూరు రెట్లుంటే పడిపోయేది ఒక శాతం దాకా. ‘లోడు పది రెట్లుంటే చాలు’ అని పుస్తకాల్లో రాసే మాటను ఇలా అంకెలతో చూడాలి. ఒక ఎల్‌ఈడీ సూచికకు 9 శాతం తేడా పట్టింపే కాదు. బ్యాటరీ ఎంత నిండిందో చూపే మీటరుకు అదే తేడా ఘోరం.

ఇప్పుడు రేడియో దగ్గరికి వద్దాం. తక్కువ శబ్దంలో అది 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. మన డివైడరు ఎంత ఇవ్వగలదు? అవుట్‌పుట్‌ను ఏకంగా గ్రౌండుకు కలిపేసినా పై 10 కిలో ఓముల గుండా వచ్చేది 1.2 మిల్లీ ఆంపియర్లే. రేడియో అడిగేది దానికి పదహారు రెట్ల పైన. ఈ డివైడరుతో ఆ రేడియో నడిచే ప్రసక్తే లేదు, లెక్క వేయకముందే తేలిపోయింది.

అయితే రెసిస్టర్లు చిన్నవి వేద్దాం అనిపిస్తుంది. అదీ చేసి చూడాలి, ఎందుకంటే కిటుకంతా అక్కడే ఉంది. 10 ఓముల రెసిస్టర్లు రెండు వేస్తే లోపలి నిరోధం 5 ఓములు. రేడియో 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే పడిపోయేది 0.1 వోల్టు, అవుట్‌పుట్ 5.9 వోల్టులు. కాగితం మీద బ్రహ్మాండం. కానీ రేడియో ఉన్నా లేకపోయినా ఆ రెండు రెసిస్టర్ల గుండా 12 భాగించు 20, అంటే 0.6 ఆంపియరు పోతూనే ఉంటుంది. ఒక్కో రెసిస్టరు మీద 6 వోల్టులు, 0.6 ఆంపియరు, అంటే 3.6 వాట్ల వేడి. కోఠీ గుజరాతీ గల్లీలో గానీ మరో చోట గానీ మామూలుగా అడిగితే ఇచ్చేవి పావు వాటు రెసిస్టర్లు. వాటికి ఇది పద్నాలుగు రెట్ల భారం. చూస్తుండగానే రంగు మారి పొగ వస్తుంది. పెద్ద వాటేజీవి వేసినా, 0.12 వాటు తీసుకునే రేడియో కోసం 7.2 వాట్లు గాలికి వేడిగా వదులుతున్నట్టు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. వేడికి కింది రెసిస్టరు కాలి తెగిపోయిందనుకోండి. అప్పుడు రేడియోకూ 12 వోల్టులకూ మధ్య ఉన్నది పై 10 ఓములే. 20 మిల్లీ ఆంపియర్లకు అది ఆపగలిగేది 0.2 వోల్టు. ఆరు వోల్టుల రేడియో మీద పన్నెండుకు దగ్గరగా పడుతుంది. పెద్ద రెసిస్టర్ల డివైడరు రేడియోను నడపదంతే, చిన్న రెసిస్టర్లది దాన్ని కాల్చెయ్యగలదు.

లోడు ఎప్పుడూ మారనిదైతే దాన్ని ముందే లెక్కలో కలుపుకోవచ్చు. పైన 10 కిలో ఓములు, లోడు కూడా ఎప్పటికీ 10 కిలో ఓములే అయితే, కింది రెసిస్టరు తీసేస్తే చాలు. లోడే కింది రెసిస్టరు పని చేసి తన మీద 6 వోల్టులు తెచ్చుకుంటుంది. కానీ రేడియో అలాంటిది కాదు. శబ్దం పెంచితే ఎక్కువ కరెంటు, తగ్గిస్తే తక్కువ, పాటలో డప్పు మోగిన ప్రతిసారీ ఒక గుంజు. వోల్టేజి వాటితోపాటే ఊగుతుంది. ఇలాంటి చోట వాడవలసింది రెగ్యులేటరు. మూడు కాళ్ల 7806 ఐసీ తన అవుట్‌పుట్‌ను తానే గమనించుకుంటూ, లోడు ఎంత అడిగితే అంత కరెంటు వదులుతూ 6 వోల్టులు నిలబెడుతుంది. దానికి ఇన్‌పుట్ 2 వోల్టులైనా ఎక్కువ ఉండాలి, 12 వోల్టుల దగ్గర ఆ ఇబ్బంది లేదు. 20 మిల్లీ ఆంపియర్ల దగ్గర రేడియో కోసం అది వదిలే వేడి కూడా 0.12 వాటే. దాని సొంత ఖర్చు మరికొన్ని మిల్లీ ఆంపియర్లు. కరెంటు కావలసిన చోట డివైడరు పెట్టకండి అని నేర్చుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఈ వోల్టేజి ఎంత అని పక్క దశకు తెలియజేయడానికి అది పనికొస్తుంది, పక్క దశను పోషించడానికి కాదు.

తెలియజేయడంలో కూడా లోడు వెంటాడుతూనే ఉంటుంది, ఎందుకంటే చూసే పరికరమే ఒక లోడు. మీటరునే తీసుకోండి. ముల్లు తిరిగే పాత మల్టీమీటర్ల మీద చాలా వాటికి వోల్టుకు 20 కిలో ఓములు అని రాసి ఉంటుంది. 10 వోల్టుల రేంజిలో పెడితే అది 200 కిలో ఓముల రెసిస్టరు. మన 10 కిలో ఓముల డివైడరు మీద పెడితే 6 బదులు 5.85 చూపిస్తుంది, ముల్లు మందంలో ఆ తేడా కలిసిపోతుంది. కానీ కరెంటు ఆదా చేద్దామని డివైడరులో 1 మెగా ఓము రెసిస్టర్లు రెండు వాడితే లోపలి నిరోధం 500 కిలో ఓములు అవుతుంది. అదే మీటరు ఇప్పుడు 1.7 వోల్టులు చూపిస్తుంది. మీటరు అబద్ధం చెప్పడం లేదు. తాను తగిలి ఉన్నంతసేపూ అక్కడ నిజంగానే ఉన్నది 1.7 వోల్టులే. తాను తగలకముందు ఎంత ఉండేదో దానికి తెలియదు.

డిజిటల్ మీటరైతే ఆ బెడద లేదనుకోవద్దు. మంచివాటి లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓములు, అవి 5.71 చూపిస్తాయి. చవకగా దొరికే పసుపు రంగు మీటర్లలో చాలా వాటిది 1 మెగా ఓమే, అవి సరిగ్గా 4 చూపిస్తాయి. మీ మీటరు మిమ్మల్ని ఇలా తప్పుదోవ పట్టిస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ముందు అడాప్టరు వోల్టేజి కొలవండి. తర్వాత కింది రెసిస్టరు మీద, ఆ తర్వాత పై రెసిస్టరు మీద విడివిడిగా కొలవండి. రెండూ కూడితే అడాప్టరు వోల్టేజికి దగ్గరగా రావాలి. 1 మెగా ఓము మీటరుతో మన మెగా ఓము డివైడరు మీద కింద 4, పైన 4 వస్తాయి. కూడితే 8. అడాప్టరు 12. తప్పిపోయిన ఆ 4 వోల్టులే మీటరు లోడుకు సాక్ష్యం. 10 కిలో ఓముల డివైడరు మీద అదే మీటరు కూడిక 11.9 దాటుతుంది, అక్కడ నమ్మవచ్చు.

ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్సులో పొటెన్షియోమీటరుతో సెల్లుల విద్యుచ్ఛాలక బలాలను పోల్చే ప్రయోగం ఉంటుంది. వోల్టుమీటరు ఉండగా ఈ పొడవాటి తీగ ఎందుకని పిల్లలు విసుక్కుంటారు. గాల్వనామీటరు ముల్లు సున్నా దగ్గర ఆగినప్పుడు సెల్లు నుంచి కరెంటు ఏమీ రావడం లేదు, అంటే ఆ క్షణంలో కొలిచే పరికరం లోడు కావడం లేదు. మనం ఇంతసేపూ చెప్పుకున్న చిక్కును పూర్తిగా తప్పించుకునే కొలత అది. వైవాలో ‘వోల్టుమీటరు కంటే ఇది ఎందుకు మేలు’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే, బట్టీ పట్టనక్కరలేదు.

తెలియని డివైడరు లోపలి నిరోధాన్ని మీరే కొలవాలనుంటే ఇంకో దారి ఉంది. అవుట్‌పుట్ వోల్టేజి చూసుకోండి, తర్వాత అవుట్‌పుట్‌కూ గ్రౌండుకూ మధ్య ఒక వేరియబుల్ రెసిస్టరు పెట్టి వోల్టేజి సగమయ్యే దాకా తిప్పండి. దాన్ని ఊడదీసి ఓముల్లో కొలిస్తే వచ్చేదే డివైడరు లోపలి నిరోధం. 10 కిలో ఓముల జంటకు అది 5 కిలో ఓముల దగ్గర వస్తుంది. ఇది రెసిస్టర్ల డివైడర్ల మీద మాత్రమే చేయండి. బ్యాటరీ మీదో అడాప్టరు మీదో నేరుగా చేస్తే, వాటి లోపలి నిరోధం చాలా చిన్నది కాబట్టి సగానికి తెచ్చేలోపు ఏదో ఒకటి కాలుతుంది.

ఇప్పుడు మన ఇళ్లలో కనిపించే నిజమైన పని ఒకటి చూద్దాం. ఇన్వర్టరు బ్యాటరీ వోల్టేజిని ఆర్డుయినో యూనో బోర్డుతో చూడాలి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు 14.4 వోల్టుల దాకా వెళ్తుంది. బోర్డు పిన్ను 5 వోల్టులకు మించి భరించదు. కాబట్టి మూడో వంతు చేయాలి: పైన 20 కిలో ఓములు, కింద 10. 14.4 వస్తే పిన్ను దగ్గర 4.8. లోపలి నిరోధం 20, 10 సమాంతరం, అంటే సుమారు 6.7 కిలో ఓములు. ఆ బోర్డు మీది ఏటీమెగా 328పీ చిప్పు డేటాషీటు, అనలాగ్ పిన్నుకు వచ్చే సిగ్నలు లోపలి నిరోధం 10 కిలో ఓములో అంతకు తక్కువో ఉండేలా చూడమంటుంది. మనది ఆ హద్దులోనే ఉంది.

కానీ బ్యాటరీ మీద ఎప్పుడూ తగిలి ఉండే డివైడరు కదా, కరెంటు వృథా అని కొందరు పైన 2 మెగా ఓములు, కింద 1 మెగా ఓము వేస్తారు. నిష్పత్తి అదే, లోపలి నిరోధం మాత్రం 667 కిలో ఓములు అయిపోయింది. పిన్ను లోపల వోల్టేజిని పట్టుకుని చూడటానికి 14 పికో ఫారడ్ల చిన్న కెపాసిటరు ఉంటుంది. చదివిన ప్రతిసారీ అది కొన్ని మైక్రో సెకన్లలో నిండాలి. ఇంత నిరోధం గుండా అది పూర్తిగా నిండకముందే చిప్పు చదివేస్తుంది. దాంతో అంకెలు నిలకడగా ఉండవు, పక్క పిన్ను చదివాక దాని ఛాయ ఇక్కడ కనిపిస్తుంది. ఇదిగాక పిన్నులో లీకేజీ కరెంటు ఉంటుంది. డేటాషీటులో దాని గరిష్ఠ హద్దు 1 మైక్రో ఆంపియరు, చాలా పిన్నుల్లో అంతకంటే ఎంతో తక్కువే. కానీ ఆ హద్దు దాకా వెళ్తే 667 కిలో ఓముల మీద 0.67 వోల్టు తేడా. మూడుతో గుణించి బ్యాటరీ వోల్టేజి రాసుకుంటాం కాబట్టి చివరికి 2 వోల్టుల పొరపాటు. 20, 10 కిలో ఓముల జంటతో అదే లీకేజీ తెచ్చే పొరపాటు 0.02 వోల్టు.

ఇంతకీ ఆదా అయ్యేది ఎంత? 20, 10 కిలో ఓముల డివైడరు 12.6 వోల్టుల దగ్గర తీసుకునేది 0.42 మిల్లీ ఆంపియరు. రోజుకు 10 మిల్లీ ఆంపియర్ అవర్లు, నెలకు 0.3 ఆంపియర్ అవరు. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి ఇది లెక్కలోకే రాదు. మెగా ఓములకు పోవలసిన అవసరం ఇక్కడ లేదు. నెలల తరబడి చిన్న సెల్లు మీద నడవాల్సిన పరికరమైతే సంగతి వేరు. అప్పుడు పెద్ద రెసిస్టర్లే ఉంచి, కింది రెసిస్టరుకు సమాంతరంగా 100 నానో ఫారడ్ల సిరామిక్ కెపాసిటరు పెడతారు. పిన్ను లోపలి చిన్న కెపాసిటరు దీనిలోంచి తక్షణం నిండుతుంది. ఇది దానికంటే దాదాపు ఏడు వేల రెట్లు పెద్దది కాబట్టి ఆ కాస్త తీసుకున్నా వోల్టేజి చెక్కుచెదరదు. రెండు రీడింగుల మధ్య కొంత వ్యవధి ఇస్తే ఖర్చయిన కాస్తా మళ్లీ పూడుతుంది. లీకేజీ తెచ్చే పొరపాటును మాత్రం ఈ కెపాసిటరు తీర్చలేదు, అది ఎప్పుడూ పారే కరెంటు.

డివైడరుకూ పక్క దశకూ మధ్య ఆపరేషనల్ యాంప్లిఫయరును వోల్టేజి ఫాలోయరుగా పెట్టడం ఇంకో మార్గం. దాని అవుట్‌పుట్‌ను మైనస్ ఇన్‌పుట్‌కు కలిపి, డివైడరును ప్లస్ ఇన్‌పుట్‌కు ఇస్తారు. ఇన్‌పుట్ తీసుకునేది నానో ఆంపియర్లలో ఉంటుంది కాబట్టి డివైడరుకు లోడు ఉన్నట్టే తెలియదు. పక్క దశ అడిగే కరెంటు యాంప్లిఫయరు తన సరఫరా నుంచి ఇస్తుంది. అందరికీ దొరికే ఎల్‌ఎం 358తో ఇది చేసేవాళ్లు ఒకటి గమనించాలి. దాని అవుట్‌పుట్ సరఫరా వోల్టేజికి సుమారు 1.5 వోల్టులు కిందనే ఆగిపోతుంది. 5 వోల్టుల మీద నడిపితే 3.5 దాటదు. మన బ్యాటరీ డివైడరు 4.8 దాకా వెళ్తుంది కదా, ఫాలోయరు 3.5 దగ్గర చిక్కుకుంటుంది. బ్యాటరీ నిండుగా ఉన్నా, సగం ఖాళీ అయినా తెర మీద 10.5 వోల్టులే కనిపిస్తాయి. బ్యాటరీ చచ్చిపోయిందని కొత్తది కొనేముందు, డివైడరు మధ్య బిందువునూ ఫాలోయరు అవుట్‌పుట్‌నూ మీటరుతో పక్కపక్కన కొలవండి. మొదటిది 4 దాటి, రెండోది 3.5 దగ్గర కదలకుండా ఉంటే తప్పు బ్యాటరీది కాదు. సరఫరా అంచుల దాకా వెళ్లగలిగే ఎంసీపీ 6002 లాంటిది వేయాలి, లేదా కింది రెసిస్టరు తగ్గించి, అత్యధిక అవుట్‌పుట్ 3.3 వోల్టులు దాటకుండా డివైడరును మళ్లీ లెక్క కట్టుకోవాలి. పైన 20 కిలో ఓములు అలాగే ఉంచి కింద 5.6 కిలో ఓములు పెడితే 14.4 వోల్టులకు 3.15 వస్తుంది, లోపలి నిరోధం కూడా 4.4 కిలో ఓములకు దిగుతుంది. అంత తక్కువ నిరోధంతో యూనో పిన్నుకు అసలు ఫాలోయరే అక్కరలేదు.